అన్నయ్య కెమెరాలో రెండో కార్డు

మా అన్నయ్యకు ఓర్వలేనితనం పుట్టుకతోనే వచ్చింది. నా పలక తన పలకకంటే నల్లగా ఉందని ఏడ్చిన మనిషి. పెద్దయ్యాక పక్కింటివాళ్ళు గేటుకు రంగు వేయిస్తే వారం తిరక్కుండా అన్నయ్య గేటుకూ రంగు పడేది. తోడబుట్టినవాడి గురించి ఇలా అనొచ్చా అంటారేమో. తోడబుట్టినదాన్ని నేను అనకపోతే ఇంకెవరంటారు? ఇంతటివాడికి దొరక్క దొరక్క ఆటల ఫోటోలు తీసే పని దొరికింది. మైదానంలో ఫోటోగ్రాఫర్లు వరసగా పీటలేసుకుని కూర్చుంటే, ఒక కన్ను ఆట మీద, ఇంకో కన్ను పక్కవాడి కెమెరా మీద వేసుకుని జీవితమంతా గడిపాడు.

అయినా పనిలో మొనగాడే, కాదనను. పాత కెమెరాతో, ఊపిరి బిగబట్టి, మీట ఒక్కసారి నొక్కేవాడు. పడితే పడినట్టు, లేకపోతే లేదు. పడినప్పుడు మాత్రం చూసినవాళ్ళు నోరు మూసేవారు కాదు. మైదానంలో అందరూ "ఒక్కదెబ్బ" అని పిలిచేవారు. ఆ పేరంటే అన్నయ్యకు లోపల ఎంత మురిపెమో నాకు తెలుసు.

మా ఆయనదీ అదే పని. పని నేర్పింది అన్నయ్యే, నన్నిచ్చి పెళ్ళి చేసిందీ అన్నయ్యే. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనుకుంటారు, కాబట్టి ఇంట్లో ఎవరైనా బావా అని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. మా ఆయన స్వభావం వేరు. అడిగినా అడక్కపోయినా తెలిసింది చెప్పేస్తారు. పోటీకి వచ్చిన ఫోటోగ్రాఫర్‌కి కూడా "వెలుతురు అటునుంచి వస్తోంది, నువ్విటు కూర్చో" అని చోటిచ్చే రకం. ఈయనకు అసూయ అనేది దేవుడు పెట్టడం మరిచిపోయాడని అన్నయ్యే అనేవాడు, అదీ అసూయగానే.

నేను మా స్టూడియోలో కౌంటరు చూసుకుంటాను. కెమెరా మెమరీ కార్డుల్లోంచి ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించడం, పనికొచ్చేవి ఏరడం, ప్రింటు తీయడం నా పని. పెద్ద పోటీలున్నప్పుడు లాప్‌టాప్ పట్టుకుని మైదానానికీ వెళ్తాను, అక్కడికక్కడే ఫోటోలు పంపాలి కాబట్టి. ఏ కార్డు చురుకైనదో ఏది మొద్దుదో నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. అన్నయ్య పాత కార్డు పెట్టానంటే కప్పు టీ తాగి, కప్పు కడిగి వచ్చినా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది.

మా ఆయన కొత్త కెమెరా కొన్న రోజున గొడవ మొదలైంది. మీట నొక్కి పట్టుకుంటే సెకనుకు ఇరవై ఫోటోలు తీస్తుంది. కుట్టుమిషను నడుస్తున్నట్టు ఉంటుందని తోటివాళ్ళు ఆయనకు "మిషను" అని పేరు పెట్టేశారు. కొన్న మొదటివారమే ఆ మిషను నాలుగు సెకన్లు నడిచి చతికిలబడింది. నేను కంగారు పడి, పాడైపోయిందనుకున్నాను. మా ఆయన నన్ను వంటింట్లో సింకు దగ్గరికి లాక్కెళ్ళి కుళాయి మొత్తం తిప్పారు.

"చూడు, నీళ్ళు ఎంత జోరుగా పడుతున్నాయో. కింద తూము ఏమో సన్నం. సింకు నిండేదాకా నీకేమీ తెలీదు. నిండాక కుళాయి కట్టెయ్యాల్సిందే, తూము ఎంత లాగితే అంతే వదలాలి. కెమెరాలో ఆ సింకుని బఫరంటారు. తీసిన ఫోటో ముందు అందులో పడుతుంది, అక్కణ్ణుంచి కార్డులోకి పోతుంది. మన కార్డు తూము సన్నం, అంతే. కెమెరాకి ఏం రోగం లేదు."

"మరి కార్డు మీద ఇంత పెద్ద అంకె వేసుంది కదండీ?"

"అది కార్డులోంచి చదివే వేగమే తల్లీ. రాసుకునే వేగం అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అమ్మేవాడు ఏది పెద్దదైతే అదే పైన వేస్తాడు."

తర్వాత చురుకైన కార్డు కొన్నారు. కెమెరాలో రెండు అరలుంటాయి. ఒకటి ఆ కొత్తరకం కార్డుకి, ఇంకోటి మామూలు కార్డుకి. మా ఆయన రెండోది ఖాళీగా వదిలేశారు.

ఇక మా మేనకోడలి గురించి చెప్పాలి. అన్నయ్యకు ఒక్కతే కూతురు. మాకు పిల్లల్లేరు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెడితే చాలు, మిగతాది మీకే తెలుస్తుంది. వదినకు ఓపిక తక్కువ, పిల్ల మా ఇంట్లోనే పెరిగినంత పని అయింది. జడలు వేసింది నేను, లెక్కలు చెప్పింది మా ఆయన, సాయంత్రం కాగానే వచ్చి "పద ఇంటికి" అని తీసుకుపోయేది మాత్రం వదిన. అలా తీసుకుపోయిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. కన్నది ఆవిడే, నిజమే. అయితే మాత్రం?

పిల్ల లాంగ్‌జంప్‌లో చేరింది. మా ఆయన ఒక్క పోటీ వదల్లేదు. ఇసుక గుంటకు ఎదురుగా కూర్చుని, పిల్ల గాల్లో ఉన్న ఫోటోలు ఎన్ని తీశారో. అన్నయ్య కూడా తీసేవాడు. కానీ ఒకే దెబ్బకు పడాలి కదా, సగంసార్లు పిల్ల ఇసుకలో చతికిలబడి కళ్ళు మూసుకున్న ఫోటోలే వచ్చేవి. ఒకరోజు అందరం భోంచేస్తుండగా ఆ పిల్ల నవ్వుతూ అనేసింది.

"మావయ్య తీస్తే నేను ఎగురుతుంటాను. నాన్న తీస్తే పడిపోయుంటాను."

పిల్లకేం తెలుసు, నోటికొచ్చింది అంది. వదిన పకపకా నవ్వింది. అన్నయ్య అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. మా ఆయన తలదించుకున్నారు కానీ, ఆ పెదాల చివర చిన్న నవ్వు నేను చూశాను. అదేదో మొహమాటపు నవ్వనుకున్నాను అప్పుడు.

నెల తిరక్కుండా అన్నయ్య అదే కెమెరా కొన్నాడు. అదే మోడల్, అదే లెన్సు, ఆఖరికి మెడలో వేసుకునే పట్టీ కూడా అదే రంగు. వదిన నా దగ్గరికొచ్చి లబోదిబోమంది. "పాతది బంగారంలా ఉంది కదా, ఈ వయసులో ఈ కోరికేంటి ఈయనకి?" అని. కోరిక కాదు వదినా, కుళ్ళు, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కెమెరాతోపాటు చురుకైన కార్డు కూడా కొన్నాడు, అది మాత్రం మెచ్చుకోవాలి. కానీ అన్నయ్యకో పాత గాయం ఉంది. ఎప్పుడో ఒక పెళ్ళి ఫోటోలున్న కార్డు చచ్చిపోయి, పెళ్ళికూతురి తరఫువాళ్ళ చేత నానా మాటలూ పడ్డాడు. ఆరోజు నుంచి రెండు కార్డులు లేకుండా కెమెరా ముట్టడు. ప్రతి ఫోటో రెండింట్లోనూ పడాలి, ఒకటి పోయినా ఇంకోటి ఉండాలి. అందుకని కొత్త కెమెరాలో రెండో అరలో ఏం పెట్టాడో తెలుసా? టీ కప్పు కడిగి వచ్చినా ఎక్కని ఆ పాత కార్డు. "దీన్ని నమ్మినట్టు నా నీడని కూడా నమ్మను" అనేవాడు.

మా ఆయనను ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడుగుతాడా! శిష్యుణ్ణి అడగడానికి నామోషీ. వీధిలో పోయే బస్సులనీ కుక్కలనీ తీసి చూసుకున్నాడు. ఒక సెకను నొక్కడం, వదలడం, మళ్ళీ ఒక సెకను. అంత కొంచెంతో సింకు నిండదు కదా. బ్రహ్మాండంగా పనిచేసింది.

ఆ సంవత్సరం పిల్ల సాధన చేసే క్లబ్బువాళ్ళు మైదానం గేటు దగ్గర ఒక పెద్ద ఫోటో పెడతామన్నారు. మా పిల్లదే. ఆ ఏటి పోటీలో ఎవరు బాగా తీస్తే వాళ్ళది, కింద తీసినవాళ్ళ పేరు. ఊళ్ళో పిల్లలందరూ ఆ గేటులోంచే పోవాలి. పోటీ రోజు పొద్దున్నే అన్నయ్య పిల్ల భుజం మీద చెయ్యేసి, "ఇవాళ నీ ఫోటో నేను తీస్తాను. చూస్తూ ఉండు" అన్నాడు. పిల్ల "సరే నాన్నా" అంది. అని, బూట్లు కట్టుకునే నెపంతో మా దగ్గరికొచ్చి, "మావయ్యా, ఎందుకైనా మంచిది, నువ్వూ తియ్యి" అని గుసగుసగా చెప్పింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. వదినకు చెప్పిరాలేదు ఆ మాట, మాకే చెప్పింది.

ఇసుక గుంటకు ఎదురుగా తాడు కట్టి, దాని వెనక ఫోటోగ్రాఫర్లకు చోటిచ్చారు. బావా బావా పక్కపక్కనే పీటలేసుకున్నారు. వాళ్ళ వెనకే నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో పిల్లకు ఆరు ప్రయత్నాలు. మా పిల్లకు ముందు ఒక పొడుగుపిల్ల దూకుతుంది, ఆ పిల్లే గెలుస్తుందని అందరి అంచనా.

మొదటి ప్రయత్నం. మా పిల్ల పరుగు మొదలుపెట్టగానే అన్నయ్య మీట నొక్కి పట్టుకున్నాడు. ఒక్కదెబ్బ మనిషి కదా, ఇన్నాళ్ళూ పోగొట్టుకున్నవన్నీ ఒకేసారి పట్టేద్దామని ఆత్రం. పరుగే ఐదారు సెకన్లు. గాల్లో ఉండేది ఒక్క సెకను కూడా కాదు. కెమెరా టకటకటకటక మని నడిచి నడిచి, సరిగ్గా పిల్ల ఇసుక ముందున్న దూకుడు పలక మీద కాలు మోపే వేళకు తపక్... తపక్... అని నీరసపడిపోయింది. అన్నయ్య కెమెరా వెనక తెర చూసుకున్నాడు. పరుగు ఫోటోలు బోలెడు. దూకింది ఒక్కటి లేదు, చివర్లో ఇసుకలో కూర్చున్నది ఒకటి.

"ఏమైంది దీనికి!" అన్నాడు.

కెమెరా పక్కన ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది. బఫరులో ఉన్నవి కార్డుల్లోకి పోతున్నాయని దాని అర్థం. చురుకైన కార్డు ఎప్పుడో రాసేసుకుని ఉంటుంది. ఆ పాత మొద్దుకార్డు మాత్రం ఒక్కో ఫోటోనీ నెమరేసుకుంటూ రాసుకుంటోంది. అది రాసుకునేదాకా కెమెరా ఆ ఫోటోని వదలదు, చోటు ఖాళీ కాదు.

అన్నయ్య అంతటితో ఊరుకున్నాడా? కెమెరాని పరీక్షిద్దామని పొడుగుపిల్ల పరుగుకి కూడా మొదట్నుంచీ నొక్కాడు. దాంతో మా పిల్ల రెండో ప్రయత్నానికి వచ్చేసరికి సింకు సగానికి పైగా నిండే ఉంది. ఈసారి పిల్ల పరుగు మధ్యలో ఉండగానే కెమెరా ఆగింది. మూడోసారీ అంతే. కెమెరా ఆపి మళ్ళీ వేసి, బ్యాటరీ తట్టి, తొడ మీద కొట్టాడు. నాలుగోసారీ అంతే. పక్కన మా ఆయన మాత్రం పిల్ల పలకకు మూడడుగుల దూరంలో ఉండగా నొక్కి, ఇసుక లేవగానే వదిలేస్తున్నారు. ఆయన కెమెరా దీపం కన్ను మూసి తెరిచేలోగా ఆరిపోతోంది.

అప్పుడు చూశాను. మా ఆయన తల కొంచెం తిప్పి అన్నయ్య కెమెరా వైపు చూశారు. ఎర్రదీపం చూశారు. తెర మీద రెండు కార్డుల గుర్తులు ఉంటాయి కదా, అవీ చూశారు. ఆయనకు అర్థమైపోయిందని నాకు అర్థమైంది. చెప్తారు ఇప్పుడు, అనుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాడికి కూడా చెప్పే మనిషి. నోరు తెరవలేదు. మళ్ళీ తల ఇటు తిప్పుకుని, తన లెన్సు తుడుచుకున్నారు. ఎంత శ్రద్ధగా తుడిచారో, దాని మీద దుమ్మే లేదు.

ఓరి దేవుడా, ఈయనకూ ఉందా ఇది! ఇన్నేళ్ళ కాపురంలో నేను ఒక్కసారి కూడా చూడలేదే! ఆయన అసూయ కెమెరా గురించి కాదు, గేటు మీద పేరు గురించీ కాదు. అన్నయ్యకు ఆ ఒక్క ఫోటో దొరికిందంటే ఇక పిల్ల "మావయ్యా, నువ్వూ తియ్యి" అనదు. నాకు తెలియదా? ప్రతి సాయంత్రం వదిన "పద ఇంటికి" అన్నప్పుడు నాకు పుట్టేదే, ఇప్పుడు ఆయన ముఖంలో ఉంది.

ఐదో ప్రయత్నం కూడా పోయింది. అన్నయ్య కెమెరాని ఒళ్ళో పడేసుకున్నాడు. "మళ్ళీ పడిపోయిందే వచ్చింది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నా పలక కోసం ఏడ్చిన మొహమే అది. నాకు మా ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. పని నేర్పినవాడు కదా, నోటి ముత్యాలు రాలిపోతాయా ఒక్క మాట చెప్తే? లాప్‌టాప్ పక్కన పెట్టి ముందుకు వంగాను.

"అన్నయ్యా, రెండో కార్డు తీసెయ్యి."

"ఏంటీ?"

"ఆ పాతకార్డు వల్లే ఆగిపోతోంది. ప్రతి ఫోటో దానిలో కూడా పడాలిగా, అది నింపాదిగా రాసుకుంటోంది. తీసెయ్యి."

"దాని మీద అంత పెద్ద అంకె ఉంటే!"

"అది చదివే వేగం. రాసేది కాదు. రోజూ దాంతో చస్తున్నదాన్ని నేను, నాకు తెలియదూ?"

"అది తీసేసి, ఉన్నది కాస్తా చచ్చిందంటే?"

"చస్తే చచ్చింది! ఇప్పుడు మాత్రం ఏం తీశావని? ఉత్త పరుగు తీయడానికి రెండు కార్డులెందుకు?"

అన్నయ్య చెయ్యి కార్డు తలుపు మీదకు పోయింది. "ఆగు!" అని అరిచాను. "దీపం ఆరాక తియ్యి, ఇప్పుడు లాగితే రాస్తున్నవి పోతాయి. ఇక పరుగు మొదట్నుంచీ నొక్కకు, పిల్ల పలకకు మూడడుగుల దూరంలో ఉండగా నొక్కు. నీకు ఎప్పుడు నొక్కాలో చెప్పాలా? ముప్పయ్యేళ్ళు ఒక్కదెబ్బతో తీశావు."

మా ఆయన నా వైపు తిరగలేదు. వీపు మాత్రం బిగుసుకుంది.

పొడుగుపిల్ల దూకింది. అన్నయ్య ఈసారి నొక్కకుండా ఆ దీపం వైపే చూస్తూ కూర్చున్నాడు. మా పిల్ల వచ్చి గీత దగ్గర నిలబడింది. దీపం ఇంకా కొట్టుకుంటూనే ఉంది. పిల్ల చేతులు దులుపుకుంది, ఊపిరి పీల్చింది. దీపం ఆరింది. అన్నయ్య తలుపు తెరిచి, పాతకార్డు పీకి, నోట్లో పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. తలుపు మూసేసరికి పిల్ల పరుగు అందుకుంది.

అన్నయ్య నొక్కలేదు. ఊపిరి బిగబట్టాడు. ఇంకా నొక్కలేదు. నాకే చెయ్యి దురద పెట్టింది. పిల్ల పలకకు దగ్గరయ్యాక అప్పుడు నొక్కాడు, ఇసుక ఎగిరేదాకా వదల్లేదు. ఒక్కసారి కూడా తడబడలేదు కెమెరా.

పిల్ల రెండో స్థానంలోనే మిగిలింది. అదెవరికీ పట్టలేదు. అన్నయ్య తెర మీద ఒక్కొక్కటే తిప్పుతూ ఒక చోట ఆగిపోయాడు. పిల్ల పూర్తిగా గాల్లో ఉంది, చేతులు రెండూ ముందుకు చాచి, కళ్ళు బాగా తెరిచి నేరుగా నాన్న వైపే చూస్తోంది. కార్డు ఇంకా పళ్ళ మధ్యనే ఉంది, దాన్ని తీయడం కూడా మరిచిపోయి ఏడుస్తున్నాడు. పిల్ల ఇసుక దులుపుకోకుండానే పరుగెత్తుకొచ్చి ఆ తెర చూసింది. "నాన్నా! నేను ఎగురుతున్నాను!" అని మెడ పట్టుకుని వేలాడింది.

మా ఆయనకూ ఆ గెంతు పడింది, చక్కగా. తెర తిప్పి పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డారు. పిల్ల ఇటు రాలేదు. తర్వాత ఆయనే కెమెరా కట్టేసి సంచిలో పెట్టుకున్నారు. క్లబ్బువాళ్ళు రెండూ చూసి, తండ్రి తీసిందే పెట్టారు గేటు మీద.

ఇంటికి వచ్చాం. నేనే ఉండబట్టలేక, "చూసి కూడా చెప్పలేదేమండీ?" అని అడిగేశాను.

"చెప్దామనే అనుకున్నాను" అన్నారు. కెమెరా సంచి గోడకు తగిలించి, "ఆరోసారి అయ్యాక" అన్నారు.



రేపు ఇంకో పోటీ ఉంది. నిన్న సాయంత్రం ఆయన బ్యాటరీలు చార్జింగ్ పెట్టి, లెన్సు తుడుచుకుంటుండగా పిల్ల నాకు ఫోన్ చేసింది.

"అత్తా, మావయ్యతో చెప్పు, ఈసారి శ్రమ పడక్కర్లేదని. నాన్న వస్తున్నాడు, నాన్నే తీస్తాడు. అమ్మ కూడా వస్తోంది. మేం ముగ్గురం కార్లో వెళ్ళిపోతాం."

"అలాగేనమ్మా" అన్నాను. ఎంత తీయగా అన్నానో, నాకే ఆశ్చర్యం వేసింది.

ఫోన్ పెట్టేసి చెప్పాను. ఆయన లెన్సుకు మూత పెట్టి, గోడ దగ్గర ప్లగ్గు పీకేశారు. బ్యాటరీలు సగం కూడా నిండలేదు.

"కార్డు తీయమన్నది నువ్వేగా" అన్నారు, కోపం లేకుండా.

ఔను, నేనే. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ చెప్తానేమో కూడా, అన్నయ్య మొహం అలా ఉంటే. కానీ ఇప్పుడు ఆ కారులో ముందు సీట్లో వదిన కూర్చుంటుంది, వెనక పిల్ల కాళ్ళు చాపుకుని పాటలు పాడుతుంది, అన్నయ్య నడుపుతూ నవ్వుతుంటాడు. అది తలుచుకుంటే నా కడుపు భగ్గుమంటోంది.